పెయిర్ బటన్ చివర్లో నొక్కాలి

కింద హాల్లో రౌటర్ ఉంటుంది, పైగదికి వైఫై అందదు. మధ్యలో స్లాబు, రెండు ఇటుక గోడలు అడ్డం. కట్టి రంగులు వేసేసిన ఇంట్లో కొత్తగా లాన్ వైరు లాగాలంటే గోడలు కొట్టాలి. ఇలాంటి ఇళ్లకు పవర్‌లైన్ అడాప్టర్లు బాగా అక్కరకొస్తాయి. ఒకటి కింద రౌటర్ దగ్గర ప్లగ్ పాయింట్‌లో పెట్టి, చిన్న లాన్ వైరుతో రౌటర్‌కి కలుపుతారు. రెండోది పైగదిలో ప్లగ్ పాయింట్‌లో పెడతారు. గోడలో ఉన్న కరెంటు వైర్ల మీదుగానే ఇంటర్నెట్ పైకి వెళ్తుంది. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ ఉండదు. ఒక రోజు పొద్దున చూస్తే పైన అడాప్టర్ మీద లింకు లైటు ఆరిపోయి ఉంటుంది. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

అప్పుడు దాదాపు అందరి చెయ్యీ నేరుగా పెయిర్ బటన్ మీదికే వెళ్తుంది. ఒకసారి నొక్కుతారు, వెలగదు. గట్టిగా పట్టుకుని నొక్కుతారు. కింద దాన్నీ అలాగే నొక్కుతారు. నేను చూసినంతలో నిజంగా జత తెగిపోయినవి తక్కువ. జత బాగానే ఉండి, రెండింటి మధ్య దారి పాడైనవే ఎక్కువ. అలాంటప్పుడు పెయిర్ బటన్ నొక్కితే బాగుపడేది ఏమీ ఉండదు. పైగా బాగున్న జత కూడా ఊడిపోయి ఒక సమస్య రెండవుతుంది. అందుకే ఈ బటన్ జోలికి చివర్లోనే వెళ్లాలి.

కారణం తెలియాలంటే జత అంటే ఏమిటో ముందు చూడాలి. రెండు అడాప్టర్లు పంపుకునే సమాచారం 128 బిట్ల ఏఈఎస్ పద్ధతిలో గుప్తంగా వెళ్తుంది. దానికి రెండింటిలోనూ ఒకే రహస్య సంకేతం ఉండాలి. దాన్ని నెట్‌వర్క్ కీ అంటారు. మనం పెయిర్ బటన్ నొక్కినప్పుడు జరిగేది ఈ కీని ఒకదాని నుంచి మరొకటి తీసుకుని లోపల రాసుకోవడమే. ఆ రాత కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటుంది. రోజుకు పదిసార్లు కరెంటు పోయినా, అడాప్టర్‌ని నెల రోజులు అలమరలో పడేసినా కీ అలాగే ఉంటుంది. నిన్నటిదాకా పనిచేసిన జత ఈ రోజు దానంతట అదే కీ మరిచిపోవడం అరుదు. ఎవరైనా బటన్‌ని ఎక్కువసేపు పట్టుకుంటేనో, సన్నటి రంధ్రంలో ఉండే రీసెట్ నొక్కితేనో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతేనో అది పోతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: పోయింది కీనా, దారా? దీనికి ఐదు నిమిషాల పరీక్ష ఉంది. పైన అడాప్టర్ తీసి కిందికి తీసుకురండి. ఒకే గదిలో, వీలైతే ఒకే గోడ మీద ఉన్న రెండు ప్లగ్ పాయింట్లలో రెండింటినీ పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు, నేరుగా గోడ పాయింట్‌లోనే పెట్టాలి. ఒక దానికి రౌటర్, రెండో దానికి ల్యాప్‌టాప్ కలిపి, ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంచండి. రెండు నిమిషాలు ఆగండి. లింకు లైటు వెలిగితే కీ బాగానే ఉంది, సమస్య దారిలో ఉంది. పక్కపక్కన పెట్టినా వెలగకపోతే అప్పుడు కీని అనుమానించాలి.

ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండాలని చెప్పడానికి ఒక కారణం ఉంది. వీటిలో చాలా మోడళ్లు, కలిపిన కంప్యూటర్ ఆఫ్ అయితే కొన్ని నిమిషాల్లో కరెంటు ఆదా కోసం నిద్రలోకి వెళ్తాయి. అప్పుడు లింకు లైటు ఆరిపోయి, పవర్ లైటు చాలా నెమ్మదిగా మినుకుమంటుంది. దాన్ని చూసి పాడైందనుకుని రీసెట్ కొట్టేసేవాళ్లు ఉన్నారు. కంప్యూటర్ ఆన్ చేస్తే అదే లేస్తుంది.

తెనాలిలో మా అక్కావాళ్లింట్లో జరిగింది చెబితే ఈ విషయం మొత్తం అర్థమవుతుంది. రెండంతస్తుల ఇల్లు, త్రీ ఫేజ్ కనెక్షన్, ఇన్వర్టర్ కూడా ఉంది. మేనల్లుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు, వాడి గది పైన. 600 అని రాసి ఉన్న అడాప్టర్ల జత ఒకటి ఏడాదికి పైగా బాగానే నడిచింది. ఒక సోమవారం మీటింగు మధ్యలో ఆగిపోయింది. నేను వెళ్లేసరికి వాడు రెండు బటన్లనూ ఎన్నిసార్లు నొక్కాడో వాడికే లెక్క లేదు.

"మామయ్యా, ఇది పోయినట్టే ఉంది, కొత్తది ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు.

"ఆగరా, ముందు పైది ఊడదీసి కిందికి పట్రా" అన్నాను.

డైనింగ్ టేబుల్ పక్క గోడకు రెండు పాయింట్లు ఉన్నాయి. రెండింటినీ అక్కడ పెట్టాం. లింకు వెలగలేదు. అంటే కీ పోయింది. అయితే అది సోమవారం పోయిందా, ఆ తర్వాత వాడి బటన్ నొక్కుళ్లకు పోయిందా? జత చేసి చూస్తేనే తెలుస్తుంది. అక్కడే మళ్లీ జత చేశాం. నిమిషంలోపే రెండింటి లింకు లైట్లూ పచ్చగా వెలిగాయి. ఒకటి తీసుకెళ్లి పైన పాత పాయింట్‌లో పెడితే మళ్లీ ఆరిపోయింది. అసలు రోగం దారిలో ఉందని అలా తేలింది.

"ఈ మధ్య ఇంట్లో కరెంటు సామాను కొత్తది ఏమన్నా పెట్టారా?" అని అక్కని అడిగాను.

"టీవీ దగ్గర పాత బాక్సు కాలిపోతే మీ బావ కొత్తది తెచ్చారు. ఆరు పాయింట్లది, మంచిదే" అంది.

టీవీ స్టాండు వెనక చెయ్యి పెట్టి లాగితే తెల్లటి స్పైక్ గార్డు వచ్చింది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, రౌటర్, రెండు ఫోన్ ఛార్జర్లు, వాటి మధ్యలో మన పవర్‌లైన్ అడాప్టర్. బాక్సు అడుగున సర్జ్ ప్రొటెక్షన్, నాయిస్ ఫిల్టర్ అని అచ్చువేసి ఉంది. పాత బాక్సు మామూలుది, వైర్లూ స్విచ్చీ తప్ప లోపల ఏమీ లేవు. బావగారు మంచిదని ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చిన బాక్సే లింకును ఆపేసింది.

ఆ ఫిల్టర్ ఏం చేస్తుందో కొంచెం లెక్కతో చూద్దాం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అంటే 50 హెర్ట్జ్. పవర్‌లైన్ అడాప్టర్ అదే వైరు మీద చాలా సన్నటి సంకేతాన్ని పంపుతుంది. దాని ఊపు 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ వరకు, కొత్త తరం వాటిలో 86 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. కరెంటు మీద వచ్చే పై శ్రుతి రొదను తీసేయడానికి ఫిల్టర్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఒక కెపాసిటర్ పెడతారు. అది 0.1 మైక్రోఫారడ్‌ది అనుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 32 వేల ఓమ్‌ల అడ్డు. అంటే మన కరెంటుకు అది ఉన్నట్టే ఉండదు. అదే కెపాసిటర్ 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఓమ్‌లో ఆరో వంతు కూడా ఉండదు. అడాప్టర్ సంకేతానికి అది రెండు వైర్లనూ ఒకదానికొకటి ముడి వేసేసినట్టు. సంకేతం గోడ దాకా కూడా పోకుండా ఆ బాక్సులోనే ఆగిపోతుంది. ఫిల్టర్ దృష్టిలో అడాప్టర్ సంకేతం కూడా రొదే కదా, తన పని తాను సక్రమంగా చేస్తోంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. అడాప్టర్‌ని స్పైక్ గార్డులోంచి తీసి గోడ పాయింట్‌లో పెట్టి, అదే స్విచ్ బోర్డులో పక్క పాయింట్‌లో స్పైక్ గార్డు పెడితే సగం సమస్య అలాగే ఉంటుంది. ఫిల్టర్ ఇప్పుడు దారికి అడ్డంగా లేదు కానీ, పక్కనే నిలబడి సంకేతాన్ని తాగుతూనే ఉంటుంది. టీవీ, కంప్యూటర్ పవర్ సప్లైలలోనూ ఇలాంటి కెపాసిటర్లే ఉంటాయి, అవీ అంతే. స్పైక్ గార్డుకు ఉన్న వైరు పొడవుగా ఉంటే కొంత మేలు. మీటర్ల కొద్దీ ఉన్న వైరు తనే 10 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్ద అడ్డుగా నిలిచి, చివర ఉన్న ఫిల్టర్‌ని కొంత దూరం పెడుతుంది. పొట్టి వైరుతో బోర్డుకు అతుక్కున్నట్టుండే బాక్సులు ఈ విషయంలో మరీ చెడ్డవి.

దీనికి సరైన మందు, ముందు భాగంలో సాకెట్ కూడా ఉన్న అడాప్టర్ మోడల్. అది గోడలో ఉంటుంది, స్పైక్ గార్డు దాని సాకెట్‌లోకి వెళ్తుంది. అడాప్టర్ లోపల సాకెట్ వైపు ఒక ఫిల్టర్ పెట్టి ఉంటుంది. దాని వల్ల బాక్సులోని కెపాసిటర్లు, ఛార్జర్ల రొద గోడ వైరు దాకా రావు. ఎంత కరెంటు దాకా పనికొస్తుందో ఆ సాకెట్ దగ్గర ఆంపియర్లలో రాసి ఉంటుంది. టీవీకీ రౌటర్‌కీ అది ధారాళంగా చాలు. ఐరన్ బాక్సు, రూమ్ హీటర్ లాంటివి మాత్రం దాంట్లో పెట్టొద్దు. సాకెట్ లేని మోడల్ అయితే ఆ బోర్డును అడాప్టర్ ఒక్కదానికే వదిలేసి, స్పైక్ గార్డును గదిలో వేరే వైపున్న బోర్డుకు మార్చాలి. గోడ పాయింట్ అస్సలు లేకపోతే ఫిల్టర్ లేని మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొచ్చు. అప్పుడు ఆ బాక్సులో అడాప్టర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. వేగం తగ్గుతుంది, అయినా లింకు నిలుస్తుంది.

ప్లగ్గు వదులుగా ఉండటాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. విదేశీ పిన్నులున్న అడాప్టర్‌ని కన్వర్టర్ ప్లగ్గుతో పెట్టిన ఇళ్లలో ఇది తరచూ ఎదురవుతుంది. అడాప్టర్ బరువుకు కన్వర్టర్ ముందుకు వాలి, పిన్ను సరిగా ఆనదు. పవర్ లైటు వెలిగినా లింకు వస్తూ పోతూ ఉంటుంది. చేత్తో కొంచెం కదిపితే లైటు మారుతోందంటే కారణం అదే. ఆ పాయింట్‌ని ఎలక్ట్రీషియన్ చేత మార్పించాలి. వదులు పాయింట్ వేడెక్కుతుంది కాబట్టి అది ఇంటికే ప్రమాదం.

తెనాలి ఇంట్లో టీవీ దగ్గర అడాప్టర్‌ని గోడ పాయింట్‌లోకి మార్చాం, స్పైక్ గార్డు అవతలి గోడకు వెళ్లింది. పైన లింకు వచ్చింది, అయితే పచ్చగా కాదు, ఎర్రగా. ఎరుపంటే లింకు ఉంది కానీ బలహీనంగా ఉందని అర్థం. ఏడాది పాటు పచ్చగా వెలిగిన చోట ఎర్రగా ఎందుకుంది? అంటే మారినది ఇంకొకటి ఉంది.

మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. మన ఊళ్లలో త్రీ ఫేజ్ ఇళ్లకు చాలావాటికి ఫేజ్ ఛేంజర్ ఉంటుంది. ఒక ఫేజ్ పోయినా, ఓల్టేజీ తక్కువగా వచ్చినా, గుండ్రటి స్విచ్చు తిప్పి ఆ అంతస్తును వేరే ఫేజ్ మీదికి మారుస్తాం. వారం కిందట ఒక రాత్రి పైన ఏసీ సరిగా లాగడం లేదని బావగారు పై అంతస్తు స్విచ్చు తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పడం మరిచిపోయారు. అంతకుముందు పైనా కిందా ఒకే ఫేజ్ మీద ఉండేవి. ఇప్పుడు వేరే వేరే.

పవర్‌లైన్ సంకేతం ఫేజ్ వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య నడుస్తుంది. రెండు పాయింట్లూ ఒకే ఫేజ్ మీద ఉంటే దారి నేరుగా ఉంటుంది. వేరే ఫేజ్‌ల మీద ఉంటే నేరుగా దారి లేదు. మెయిన్ బోర్డులోనూ పైపుల్లోనూ వైర్లు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి కొంత సంకేతం ఒకదాని నుంచి ఇంకొకదానికి జారుతుంది. అంతవరకే. కొన్ని ఇళ్లలో ఆ జారిన కొంచెంతోనే పని నడుస్తుంది, కొన్నింట్లో లింకే రాదు. మీ ఇంట్లో ఏ గది ఏ ఫేజ్ మీద ఉందో తెలుసుకోవడానికి పెట్టె విప్పనవసరం లేదు. మెయిన్ బోర్డులో ఒక్కో ఎంసీబీ దించుతూ ఏ గదిలో ఫ్యాను ఆగిందో రాసుకుంటే చాలు. లోపలి వైరింగు మార్చాలంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి.

ఫేజ్ స్విచ్చు వెనక్కి తిప్పితే ఆ రోజుకు సరిపోయేది. రేపు మళ్లీ ఓల్టేజీ పడిపోతే మళ్లీ తిప్పుతారు, మళ్లీ మీటింగు ఆగుతుంది. అందుకే నేను ఇన్వర్టర్ లైను ఎంచుకున్నాను. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో గదికి ఒకటి రెండు పాయింట్లు, లైట్లు, ఫ్యాన్లు ఇన్వర్టర్ నుంచి వచ్చే ప్రత్యేకమైన ఫేజ్ వైరు మీద ఉంటాయి. సాధారణంగా ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ సింగిల్ ఫేజ్‌ది. అందులోంచి బయటికి వచ్చే ఫేజ్ ఒక్కటే, అదే పైకీ కిందికీ పోతుంది. ఇంటికి ఎన్ని ఫేజ్‌లున్నా, పైన స్విచ్చు ఎటు తిప్పినా, ఇన్వర్టర్ లైను మీద ఉన్న రెండు పాయింట్ల మధ్య దారి మారదు. కరెంటు పోయినా రెండు అడాప్టర్లూ, రౌటరూ బతికే ఉంటాయి.

చెయ్యకూడనిది మాత్రం ఒకటి ఉంది. ఒక అడాప్టర్ ఇన్వర్టర్ లైను మీద, రెండోది మామూలు లైను మీద పెట్టకూడదు. అలా పెడితే సంకేతం ఇన్వర్టర్ పెట్టె గుండా పోవాలి, అందులోని భాగాలు దాన్ని చాలావరకు తినేస్తాయి. కరెంటు పోగానే మామూలు లైను మీద ఉన్నది ఎలాగూ ఆగిపోతుంది. రౌటర్ కరెంటు పోయినా ఆగకూడదని కింది దాన్ని ఇన్వర్టర్ పాయింట్‌లో పెట్టి, పైది ఖాళీగా ఉన్న ఏదో పాయింట్‌లో పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. లింకు బలహీనంగా ఉన్న ప్రతి ఇంట్లోనూ నేను ముందు అడిగేది ఇదే.

అక్కావాళ్లింట్లో కింద టీవీ గోడ పాయింట్ ఇన్వర్టర్‌ది కాదు. గుమ్మం పక్క స్విచ్ బోర్డులో ఉన్న పాయింట్ ఇన్వర్టర్‌ది. అడాప్టర్‌ని అక్కడికి మార్చి, రౌటర్ దాకా మూడు మీటర్ల లాన్ వైరు గోడ అంచున లాగాం. అడాప్టర్‌ని మంచి పాయింట్‌లో ఉంచి లాన్ వైరు పొడవు పెంచుకోవడం ఎప్పుడూ మేలు. లాన్ వైరు 100 మీటర్ల దాకా ఏమీ కోల్పోదు. రౌటర్‌కి దగ్గరగా ఉందని చెడ్డ పాయింట్ ఎంచుకుంటే పోగొట్టుకునేది చాలా. పైన కూడా మంచం పక్కనున్న ఇన్వర్టర్ పాయింట్‌లో పెట్టాం. లైటు పచ్చబడింది. తర్వాత మెయిన్ దించి, ఇన్వర్టర్ మీద నడిపి చూశాం. వేగం కొంత తగ్గింది, లింకు మాత్రం తెగలేదు. ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు అది పుట్టించే రొద వల్ల ఈ తగ్గుదల ఉంటుంది. స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్లలో ఇది ఎక్కువ, కొన్ని ఇళ్లలో లింకు పోవచ్చు కూడా. అందుకే కరెంటు పోయే దాకా ఆగకుండా ఇలా ముందే చూసుకోవాలి.

ఇప్పుడు జత చేయడం సంగతి. పక్కపక్కన పెట్టినప్పుడు కూడా లింకు రాకపోతేనే ఈ పని. రెండూ ఒకే గదిలో గోడ పాయింట్లలో ఉండాలి. పవర్ లైట్లు నిలకడగా వెలిగే దాకా ఆగాలి. ఎవరో ఒకరు ఇప్పటికే బటన్లతో ఆడుకుని ఉంటే ముందు పాత కీలు రెండింట్లోనూ చెరిపేయడం మంచిది. చాలా మోడళ్లలో పెయిర్ బటన్‌ని పది సెకన్లు అలా పట్టుకుంటే లైట్లన్నీ ఒకసారి ఆరి మళ్లీ వెలుగుతాయి. అప్పుడు ఆ అడాప్టర్ పాత జత వదిలేసి కొత్త కీ వేసుకున్నట్టు. ఎన్ని సెకన్లో మోడల్‌ని బట్టి మారుతుంది, పెట్టెలో వచ్చిన కాగితంలో ఉంటుంది. రెండింటికీ విడివిడిగా ఇలా చేసి, ఒక నిమిషం ఆగాలి.

తర్వాత ఒక దాని బటన్ ఒక్క సెకను నొక్కి వదిలేయాలి. పవర్ లైటు మినుకుమంటుంది. రెండు నిమిషాలలోపు రెండో దాని బటన్ కూడా అలాగే ఒక్క సెకను నొక్కి వదలాలి. ఆపైన ముట్టుకోవద్దు. నిమిషంలోపు లింకు లైట్లు వెలుగుతాయి. తప్పులు జరిగేది ఎక్కువగా ఈ ఒక్క సెకను దగ్గరే. వెలగలేదని గాభరాపడి పట్టుకుని నొక్కితే అది కీని మళ్లీ చెరిపేస్తుంది. అప్పుడు ఒకటి పాత కీతో, ఇంకొకటి కొత్త కీతో మిగులుతాయి. అందుకే రెండింటికీ పరుగెత్తాల్సిన అవసరం లేకుండా పక్కపక్కనే పెట్టి చేయాలంటున్నాను. రెండు అంతస్తుల మధ్య మెట్లెక్కుతూ రెండు నిమిషాల గడువుతో పోటీ పడక్కర్లేదు. ఒకసారి జత కుదిరాక పైకి తీసుకెళ్లి పెట్టుకుంటే చాలు, కీ దాంతోపాటే వస్తుంది.

మూడో అడాప్టర్ చేర్చాలంటే ఇప్పటికే జతలో ఉన్న ఏదో ఒక దాని బటన్, కొత్తదాని బటన్ నొక్కాలి. మిగిలిన దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పెట్టెలోంచి తీసినప్పుడు చాలా కంపెనీల అడాప్టర్లలో అందరికీ ఒకటే అయిన కీ ఉంటుంది. పాత తరం వాటిలో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే నెట్‌వర్క్ పేరు HomePlugAV అని కనిపిస్తుంది. పెట్టగానే లింకు వచ్చేస్తుంది కాబట్టి ఎవరూ బటన్ నొక్కరు. కరెంటు వైరుకు గోడ సరిహద్దు తెలియదు. పక్క ఫ్లాట్‌లో కూడా అలాంటిదే ఉంటే అది మీ నెట్‌వర్క్‌లో చేరే అవకాశం ఉంది. కొన్నప్పుడు ఒక్కసారి బటన్ నొక్కి సొంత కీ పెట్టుకోవాలి.

లింకు వచ్చాక కూడా సాయంత్రాలు మాత్రమే ఆగిపోతోందంటే, అది పాయింట్ సమస్య కాకపోవచ్చు. ఇంట్లో ఏదో సామాను రొద చేస్తోంది. చవక ఫోన్ ఛార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, మిక్సీ మోటారు దీనికి పేరుమోసినవి. ఛార్జర్ విషయంలో ఫోన్ తీసేసినా సరిపోదు, పాయింట్‌లో ఉండి స్విచ్చు ఆన్‌లో ఉంటే దాని రొద ఉంటుంది. దొంగని పట్టుకోవడానికి పైగదిలో ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో అడాప్టర్‌కి కలిపి, వైఫై ఆపేసి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి.

```
ping -t 192.168.1.1
```

చివర ఉన్నది రౌటర్ చిరునామా, కొన్నింటికి 192.168.0.1 ఉంటుంది. రౌటర్ కింద అతికించిన కాగితంలో చూడొచ్చు. సెకనుకొక వరుస చొప్పున జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపిస్తుంది. దారి బాగున్నప్పుడు ఆ అంకె పదిలోపు, కాస్త అటూ ఇటూగా నిలకడగా ఉంటుంది. వందలకు ఎగురుతూ, మధ్యమధ్యలో `Request timed out` అని వస్తుంటే దారి చెడిందన్నమాట. దాన్ని అలా నడవనిచ్చి, ఇంకొకరిని ఒక్కో స్విచ్చే వేయమని, ఆపమని చెప్పండి. ఏ స్విచ్చు వేసినప్పుడు అంకెలు ఎగిరాయో అదే దొంగ. ఆపడానికి కంట్రోల్, సి నొక్కాలి. తెనాలి ఇంట్లో మిగిలిన చిన్న తడబాటు ఇలాగే దొరికింది. పైగది టేబుల్ మీదున్న దోమల బ్యాట్ ఛార్జింగులో ఉన్నప్పుడల్లా అంకెలు యాభై దాటేవి. దాన్ని వేరే గదిలో ఛార్జ్ చేసుకుంటున్నారు.

వేగం గురించి ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలియాలి. పెట్టె మీద 600 అని ఉన్నది రెండు వైపులా కలిపి, ప్రయోగశాల వైరు మీద వచ్చే గరిష్ఠ లెక్క. అలాంటి మోడళ్లు చాలావాటికి లాన్ పోర్టే 100 మెగాబిట్లది. కాబట్టి ఎంత మంచి పాయింట్‌లో పెట్టినా దానికి మించి రాదు. మూడు పిన్నుల మోడళ్లు కొన్ని ఎర్త్ వైరును కూడా వాడుకుని వేగం పెంచుకుంటాయి. ఎర్త్ సరిగా లేని పాత ఇళ్లలో ఆ లాభం దక్కదు. లాన్ వైరు లాగగలిగే ఇంట్లో నేనైతే లాన్ వైరే లాగమంటాను.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు తేడా పాయింట్ల దగ్గరే వస్తుంది. అమెరికా ఇళ్లకు 120 ఓల్టుల కాళ్లు రెండు వస్తాయి. వేరే వేరే కాళ్ల మీదున్న పాయింట్ల మధ్య లింకు, మన వేరే ఫేజ్‌ల మీద లాగే బలహీనపడుతుంది. అక్కడి కొత్త ఇళ్లలో బెడ్‌రూములకు పెట్టే ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు కూడా సంకేతాన్ని తగ్గిస్తాయి. బ్రిటన్‌లో సింగిల్ ఫేజ్ ఇళ్లే ఎక్కువ. పై అంతస్తుకూ కింది అంతస్తుకూ వేరే రింగులు ఉన్నా అవి కన్స్యూమర్ యూనిట్ దగ్గర కలుస్తాయి కాబట్టి లింకు సాధారణంగా వస్తుంది. గదిగదికీ సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే అలవాటే అక్కడి ప్రధాన శత్రువు.

ఇన్ని చేసినా పక్కపక్కన పెట్టినప్పుడు కూడా లింకు రాదనుకోండి. లేదా ఊడదీసి పెట్టినప్పుడు కాసేపు వచ్చి, వేడెక్కాక పోతోందనుకోండి. అప్పుడు ఒక అడాప్టర్ నిజంగానే పోయింది. ఇవి ఇరవై నాలుగు గంటలూ కరెంటులో వెచ్చగా ఉంటాయి కాబట్టి లోపలి పవర్ సప్లై కెపాసిటర్లు కొన్నేళ్లకు ఎండిపోతాయి. ఒక్కదాన్నే కొత్తది కొనేముందు రకం చూసుకోవాలి. హోమ్‌ప్లగ్ ఏవీ, ఏవీ2 అని ఉన్నవి ఏ కంపెనీవైనా ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొత్తగా వస్తున్న జి.హెచ్ఎన్ రకం (పెట్టె మీద G.hn అని ఉంటుంది) వాటితో కలవదు, ఒకే కంపెనీవి అయినా సరే. పాతది ఏవీ2 అయి కొత్తది జి.హెచ్ఎన్ అయితే ఎన్నిసార్లు పెయిర్ బటన్ నొక్కినా లింకు రాదు. తెచ్చిన పెట్టెను వెనక్కి ఇచ్చి, రెండూ ఒకే రకంవి తెచ్చుకోవాలి.